ఆ ఇరవై ఎనిమిదేండ్లు ఎవరివి?

"మెసేజ్ పంపినవా, లేదా? గంత చెప్పు చాలు."

మల్లికార్జున్ బండి తాళంచెవిని వేలికి తిప్పుతూ వాకిట్లోనే నిలబడ్డాడు. షాద్‌నగర్ నుంచి మర్రిగూడ దాకా ఎండలో బండి నడుపుకొని వచ్చిన మనిషి అరుగు మీద కూర్చోలేదు. అత్త బీరమ్మ చెంబుతో నీళ్లు పట్టుకొని ఎదురుగా నిలబడితే అందుకోలేదు.

స్నేహలత గడపలో కూర్చొని ఫోను వైపే చూస్తోంది. మెసేజ్ నిన్న రాసింది. 'మేడం, నేను ఇక డ్యూటీకి రాను.' అంతే. మందుల కంపెనీలో తన పైన ఉండే శ్రీదేవి మేడంకు. వేలు దాని మీదికి పోతుంది, వెనక్కి వస్తుంది.

"పంపలే," అంది.

"పంపనిదానివి పుట్టింటికెందుకొచ్చినవ్? వారం కావస్తున్నది డ్యూటీకి పోక. మేడం నాకు ఫోను చేస్తుంది. పిల్లకు జరమని చెప్పిన. పిల్లేమో ఈడ గొర్రెపిల్లల ఎంబడి ఉరుకుతున్నది."

"రేపు పొద్దున హైదరాబాద్‌ల చేరాలె. శోభ రమ్మన్నది. టీం లీడర్ పోస్టు."

"ఏం అమ్మే పోస్టది?"

"ఇన్సూరెన్సు... ప్లాట్లు... అన్నీ ఉంటయంట."

"అన్నీ ఉంటయంటే ఏదీ లేదని. ఇంకొక్కసారి పరీక్షలు రాస్తే ఓపెన్ డిగ్రీ అయిపోతది. గింతకాలం సదివి ఇప్పుడు ఇడిసిపెడ్తవా?"

"నాకు ఇరవై ఎనిమిది నిండినయ్!" ఆమె గొంతు ఒక్కసారిగా లేచింది. "నాతోటి పదో తరగతి సదివినోళ్లల్ల ఒకడు డాక్టరు. ఒకామె ఎస్సై. శోభ బ్రాంచి మేనేజరు. వాట్సాప్ గ్రూపుల ఎవరేం పెట్టినా నేను బొటనవేలు గుర్తు పెడ్త. నేనేం పెట్టాలె గండ్ల? గోలీల డబ్బాల మీద తారీకు సక్కగ పడిందా లేదా అని చూసేదాన్ని."

"సూసుడు తప్పా? నేను డీసీఎం బండి తోలుత. గదీ తప్పేనా?"

"నీ సంగతి కాదు."

"నీ సంగతి నాది కాదా మరి?"

బీరమ్మ ఇద్దరి మధ్యా చెంబు పట్టుకొని నిలబడే ఉంది. పాత బోరు ఫ్లోరైడు నీళ్లు తాగి బిగిసిపోయిన మోకాళ్లవి, అట్టే నిలబడలేవు. అయినా కదల్లేదు.

అప్పుడే మోక్ష లోపలి నుంచి వచ్చింది. ఐదో ఏడు నడుస్తున్న పిల్ల. తల్లి భుజం పట్టుకొని పక్కకు తోసింది.

"జరుగు అమ్మా. పెద్దమ్మకు తొవ్వ ఇయ్యి. గప్పటిసంది నిలవడ్డది."

చెంబు చేజారి రాతి మీద పడింది. నీళ్లు వాకిలంతా పారాయి.

"ఎవరే పెద్దమ్మ?" మల్లికార్జున్ నవ్వబోయి ఆగాడు. "నీకు పెద్దమ్మ ఏడికెళ్లి వచ్చింది?"

పెద్దమ్మ అంటే తల్లికి అక్క. స్నేహలతకు అక్క లేదు, చెల్లె లేదు. ఒక్కతే బిడ్డ. పక్కింటి ముసలమ్మనెవరినో అంటోందనుకొని ఈ వారమంతా ఆమె పట్టించుకోలేదు. పిల్ల అన్నం తినేటప్పుడు పక్కన ఖాళీ జాగా వదిలితే ఆటనుకుంది.

ఇప్పుడు తల్లి ముఖం చూసింది. బీరమ్మ పడిన చెంబును చూడడం లేదు. గడపలో స్నేహలత పక్కన, ఎవరూ లేని చోటును చూస్తోంది.

"ఎట్లుంటది బిడ్డా, మీ పెద్దమ్మ?" బీరమ్మ అడిగింది.

"అమ్మ లెక్కనే ఉంటది. కానీ అమ్మకంటె ముందల నడుస్తది. ఎప్పుడూ ముందలనే. అమ్మ ఎంత ఉరికినా అందదు."

దొడ్డిలో అరుస్తున్న గొర్రెపిల్లలు ఒక్కసారిగా ఆగిపోయాయి. స్నేహలత అటు చూసింది. ముళ్ల కంపకోటకు ఆవల అవన్నీ తలలెత్తి నిలబడి ఉన్నాయి. అన్నీ గడప వైపే చూస్తున్నాయి.

"అమ్మా," అంది స్నేహలత మెల్లగా. "ఎవరామె?"

"ఎవరూ కాదు. పిల్ల ఏదో అంటది."

"మరి చెంబెందుకు ఇడిసినవ్?"

బీరమ్మ వంగి చెంబు తీసుకుంది. కొంగుతో తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

"నన్నెందుకు చిన్నమ్మి అంటరమ్మా ఇంట్ల?"

స్కూల్లో స్నేహలత, ఇంట్లో చిన్నమ్మి. తండ్రి ఈనాటికీ గొర్ల దగ్గర నుంచి 'ఓ చిన్నమ్మీ' అనే కేకేస్తాడు. పెద్దమ్మి లేకుండా చిన్నమ్మి ఎట్లా ఉంటుందని ఇన్నేండ్లలో ఒక్కనాడూ ఆమెకు తట్టలేదు. పేరు కాబట్టి పేరే అనుకుంది.

బీరమ్మ అరుగు మీద కూలబడింది.

"నీకంటే ముందు ఒకతి పుట్టిందే. దానికే పెట్టినం స్నేహలతని పేరు. ఊళ్లెకొచ్చే నర్సమ్మ చెప్పిన పేరు, ముద్దుగున్నదని పెట్టినం. ఏడాది నిండకముందే పోయింది. అది పుట్టిన రెండేండ్లకు నువ్వు పుట్టినవ్. గొర్లకు గాలికుంటు రోగం తగిలి మందల సగం పోయిన ఏడు. దాని పేరే నీకు పెట్టినం. నాకు నోట్లెకు ఇంకో పేరు రాలే."

"సరే. పేరు పెట్టిన్రు. ఇంకేంది?"

"ఇంకేం లేదు."

"అమ్మా."

బీరమ్మ అల్లుడి వైపు చూసింది, తల దించుకుంది.

"బడిల ఏసేటప్పుడు పెద్దసారు మీ నాయిన్ని అడిగిండు, స్నేహలత ఏ ఏడు పుట్టిందయ్యా అని. మీ నాయిన స్నేహలత పుట్టిన ఏడే చెప్పిండు. ముందు పుట్టినదాని ఏడు. దాన్ని మర్వలే గద, నోట్లెకు అదే వచ్చింది. ఇంటికొచ్చి నాకు చెప్తే నేను గూడ ఏమనలే. దాని ఏడన్నా బతికుండనీ అనుకున్న."

మోక్ష ఖాళీ జాగాకు ఏదో చెప్తూ నవ్వింది.

"అంటే నాకు ఇరవై ఎనిమిది లేవా?"

"నీకు ఇరవై ఆరే, బిడ్డా."

మొదట తేలికైంది ఆమెకు. నెత్తి మీది బిందె ఎవరో దించినట్టు. రెండేండ్లు! అడక్కుండానే దొరికిన రెండేండ్లు. తరగతిలో ఎప్పుడూ మొదటి వరుసలో కూర్చోబెట్టిన పొట్టిది, పరుగులో అందరికంటే వెనకబడ్డది, లెక్కలు అందరికీ అర్థమయ్యాక ఆమెకు అర్థమయ్యేవి. ఎందుకో ఇప్పుడు తెలిసింది. తనకంటే రెండేండ్లు పెద్దపిల్లలతో పోటీ పడి, ఓడిపోయానని ఏడ్చేది.

ఆ వెనకే ఇంకో లెక్క వచ్చి తగిలింది.

ఇంటర్ రెండో ఏడు మధ్యలో పెండ్లి చేశారు. కాగితం మీద పద్దెనిమిది నిండాయని అందరూ నిబ్బరంగా ఉన్నారు. పద్దెనిమిదిలో రెండు తీసేస్తే...

ఆమె నోటితో అనలేదు. మల్లికార్జున్ చేతిలో తిరుగుతున్న తాళంచెవి ఆగిపోయింది. అతని లెక్క కూడా అక్కడికే వచ్చిందని తెలిసింది.

"నాకు తెల్వదు, స్నేహా," అన్నాడు. "సర్టిఫికేట్ సూపెట్టిన్రు. దేవుని తోడు, నాకు తెల్వదు."

"నీకు తెల్వదని నాకు తెలుసు." ఆమె తల్లి వైపు తిరిగింది. "నీకు తెలుసు గదమ్మా?"

బీరమ్మ ఏడవలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని చూస్తూ ఉండిపోయింది. స్నేహలత లేచి దొడ్డి వైపు నడిచింది.

పడమటి ఎండ పత్తిచేల మీద పచ్చగా పడుతోంది. గాలి లేదు. ఆమె కంపకోట దగ్గర నిలబడితే గొర్రెపిల్లలు ఆమెను దాటి, ఆమె ముందున్న ఖాళీని చూస్తున్నాయి. ఇన్నేండ్లూ ఫోనులో ఎవరి ఫొటో చూసినా, వాళ్ల పక్కన ఇంకొకతి కనబడేది. ఆగకుండా చదువుకున్న స్నేహలత. మెడలో కార్డు వేసుకున్న స్నేహలత. ఇరవై ఎనిమిదికి ఎక్కడుండాలో అక్కడున్న స్నేహలత. అది తన ఆలోచన అనుకుంది. దానికి పేరూ, పుట్టిన ఏడూ ఉన్నాయని తెలియదు.

ఫోను మోగింది. శ్రీదేవి మేడం.

"పాపకు ఎట్లున్నదమ్మా?"

"బాగనే ఉన్నది మేడం. జరం లేకుండె. మా ఆయన అబద్ధం చెప్పిండు."

"తెలుసు. పిల్లకు జరమైతే తండ్రి గొంతు గంత నిమ్మళంగ ఉండదని గప్పుడే అనుకున్న. రేపు పొద్దున కొత్త బ్యాచ్ ఎక్కుతది. లైన్ క్లియరెన్స్ ఎవరు చూడాలె?"

ఒక మందు ప్యాకింగ్ అయిపోయి ఇంకో మందు మొదలయ్యే ముందు, పాతదాని లేబుల్ ఒక్కటి కూడా మిషన్ మీద, కింద, మూలల్లో ఎక్కడా మిగలలేదని చూసి సంతకం పెట్టాలి. ఆ చూసే పని స్నేహలతది. ముందు బ్యాచ్ లేబుల్ ఒక్కటి మిగిలి కొత్త డబ్బాకు అంటుకుంటే, లోపల ఒకటి, పైన ఇంకొకటి.

ఆమెకు ఉన్నట్టుండి నవ్వొచ్చింది. నవ్వు ఆగక ఏడుపైంది.

"మేడం, నా మీదనే ముందు బ్యాచ్ తారీకు కొట్టిన్రు." అని మొత్తం చెప్పింది. అక్క సంగతి, బడి సంగతి. పెండ్లి సంగతి సగం చెప్పి ఆపేసింది. శోభ పోస్టు సంగతి, గ్రూపులో చూసే డాక్టరు సంగతి కూడా దాచలేదు.

అవతల గది తలుపు మూసిన చప్పుడైంది.

"పెండ్లి సంగతి మీద నేను మాట్లాడలేను. అది చాల పెద్దది," అంది శ్రీదేవి. "నౌకరి సంగతి అడుగు, చెప్త. ఇరవై ఆరని తెలిసి పానం నిమ్మళమైందా?"

"అయింది మేడం."

"రేపు ఇంకెవరో వచ్చి 'కాదు, ముప్పై' అంటే మళ్ల ఏడుస్తవా?"

స్నేహలత కంపకోట ముల్లు ఒకటి విరిచింది.

"డబ్బా మీద తారీకు మీద అనుమానమొస్తే మనమేం చేస్తం? తారీకునే చూసుకుంట కూసుంటమా? లోపలి మందును పరీక్షకు పంపుతం. నిన్ను నువ్వు పంపుకున్నవా ఒక్కసారన్నా?"

"ఎట్ల మేడం?"

"మొదటేడు ఏం చేసినవ్ కంపెనీల?"

"డబ్బాలు సర్దిన. మాట్లాడనీకె భయపడుతుంటి."

"మొన్న వానకాలం?"

స్నేహలతకు గుర్తొచ్చింది. బెల్టు కింద పాత లేబుళ్ల చుట్ట ముక్క ఒకటి కనబడితే లైన్ ఆపించింది. మేనేజర్ అందరి ముందూ కేకలేశాడు. అయినా ఆమె సంతకం పెట్టలేదు. తర్వాత ఆయనే వచ్చి, కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పమన్నాడు.

"లైన్ ఆపిన."

"మొదటేటికీ ఇప్పటికీ తేడా ఉన్నదా, లేదా?"

"ఉన్నది."

"లేకుంటే నేనే పొమ్మంటుంటి. ఏండ్ల తరబడి ఒక్కతీరుగ ఉన్నోళ్లు మన దాంట్లనే ఉన్నరు, వాళ్లకు అదే చెప్త. నీ లెక్క వేరే. మొదలువెట్టింది ఎప్పుడో గాడికెళ్లి లెక్కపెట్టు. నువ్వు పుట్టినకాడికెళ్లి కాదు. పిల్ల పాలు మానినంక పనిల చేరినవ్. గా డాక్టర్ పిల్లగానికి ఇంట్ల వంట ఎవరు చేసిన్రు, ఫీజులు ఎవరు కట్టిన్రు, నువ్వు చూసినవా? ఫొటోల అవి పడవు."

"అయితే డిగ్రీ అయినంక నన్ను ఆఫీసర్ని చేస్తరా మేడం?"

"గా మాట నేను రాసియ్యలేను. డిగ్రీ ఉంటే అడగనీకె హక్కుంటది. లేకుంటే అది కూడ లేదు. పరీక్షలు రాయి, ఫలితాలు రానీ. ఎండకాలం నాటికి ఖాళీ ఉండి నీకియ్యకుంటే, గా పట్టా పట్టుకొని ఇంకో కంపెనీకి పో. నేనే చెప్త ఎవర్ని కలవాల్నో. గప్పుడు పోవుడు వేరు, ఇయ్యాల పారిపోవుడు వేరు."

"మరి కాగితం మీద?"

"కాగితం మీద ఇరవై ఎనిమిదే. సర్కారు కొలువులకు వయసు అడ్డమొచ్చేది గా లెక్కతోటే. ఫారం నింపేటప్పుడు యాదిల పెట్టుకో. మిగతా దినాలు నెత్తిన పెట్టుకొని తిరగకు."

ఫోను పెట్టేశాక స్నేహలత చాలాసేపు అక్కడే నిలబడింది. తర్వాత శోభకు చేసింది.

"ఏమే పొట్టీ! రేపు తొమ్మిదింటికల్లా రావాలె. నీ పేరు మీద కార్డు కూడ కొట్టిస్తున్న."

"శోభా, ఒక్కటడుగుత. గా పోస్టుల నాకంటే ముందు ఎవరుండె?"

"ఉండె ఒకామె. పోయింది."

"ఏం పోస్టుకు పోయింది?"

"ఏమో. మానేసింది."

"ఆమె కంటే ముందు?"

"గట్ల తవ్వితె ఎట్లనే? వస్తరు, పోతరు. టార్గెట్ కొట్టినోళ్లు ఉంటరు."

"ఉన్నోళ్లు రెండేండ్లకు ఏమైతరు? ఏం నేర్సుకుంటరు?"

శోభ గొంతులోని హుషారు సన్నగా ఆరిపోయింది.

"నేను ఈడ చేరి ఆర్నెల్లే, స్నేహా. దీనికి ముందు ఇంకోతాన. ఆడ కూడ మేనేజర్నే. ఈ లైన్ల అందరూ మేనేజర్లే." చిన్నగా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే తెగింది. "గ్రూపుల పెట్టకు. డాక్టర్ గాని కొత్త ఇల్లు చూసిన నాడు నాకు అన్నం పోలే. నాకు కూడ ఇరవై ఎనిమిదే గదనే. నాకు పని తెలిసినోళ్లు ఒక్కరన్నా పక్కకుంటే బాగుండు అనిపించి నిన్ను పిలిచిన."

"నేను రానే, శోభా."

"తెలుసు. నువ్వు అడుగుతుంటేనే తెలిసింది." ఆగి, అడిగింది. "నీ పక్కన ఎవరన్నా ఉన్నరా? ఎవరో ఊపిరి తీసుకున్నట్టు వినవడ్తున్నది."

స్నేహలత చుట్టూ చూసింది. ఎవరూ లేరు. గొర్రెపిల్లలు తల తిప్పి, ఈసారి సరిగ్గా ఆమెనే చూస్తున్నాయి.

మెసేజ్ తుడిచేసింది.

పొద్దుగూకుతుంటే తండ్రి దుర్గయ్య మందతో వచ్చాడు. గొర్ల దుమ్ములోంచి 'ఓ చిన్నమ్మీ' అని కేకేశాడు. వాకిట్లో అందరి ముఖాలూ చూసి కర్రను గోడకు ఆనించాడు. బీరమ్మ ఒక్క మాటే చెప్పింది: "తెలిసింది దానికి." ఆయన కూతురి దగ్గరికి వచ్చి దుమ్ము చేతులు తువ్వాలకు తుడుచుకున్నాడు. తల మీద పెట్టబోయి, పెట్టలేక దించేశాడు.

"నాయినా," అంది స్నేహలత. "నేను పోయొస్త. రేపు డ్యూటీ ఉన్నది." క్షమించానని అనలేదు. కోపమొచ్చిందనీ అనలేదు. అది ఇంకా లోపలే, ఏ వైపు తిరగాలో తెలియక నిలబడి ఉంది.

తల్లి గడపలోనే ఆగిపోయింది. "మళ్లొస్తవా బిడ్డా?" అని అడిగితే స్నేహలత వినబడనట్టు చెప్పులు వేసుకుంది.

మల్లికార్జున్ బండి స్టార్ట్ చేశాడు. మోక్షను మధ్యలో కూర్చోబెట్టి ఆమె వెనక ఎక్కింది. అతను అద్దంలో ఆమెను చూడబోయి, పెండ్లినాటి లెక్క మళ్లీ గుర్తొచ్చినట్టు చూపు తిప్పుకున్నాడు. వాళ్లిద్దరి మధ్యా మాట్లాడవలసింది తొవ్వ పొడుగునా ఉంది.

ఊరు దాటుతుండగా స్నేహలత పిల్ల చెవి దగ్గర వంగింది. అడగొద్దనుకుంటూనే అడిగింది.

"మీ పెద్దమ్మ ముందల నడుస్తున్నదా?"

మోక్ష మెడ సాచి హెడ్‌లైటు వెలుగులోకి చూసింది. తల అడ్డంగా ఊపింది.

"ముందల లేదు."

స్నేహలత ఊపిరి వదిలింది.

"పోయిందా మరి?"

"పోలే. నీ ఎనక ఎక్కుతాందట. జర ముందుకు జరుగు అమ్మా."

స్నేహలత జరిగింది. ఎందుకు జరిగిందో ఆలోచించేలోగానే జరిగింది.

బండి వెనక చక్రం ఒక్కసారి కిందికి అణిగింది. మల్లికార్జున్ గేరు తగ్గిస్తూ, వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"ఏందే, బండి ఉన్నట్టుండి బరువెక్కింది?"